స్టార్ట్-స్టాప్ కారులో ‘లో బ్యాటరీ’ మెసేజ్: ఛార్జింగ్ నుంచి కొత్త బ్యాటరీ రిజిస్ట్రేషన్ దాకా

సిగ్నల్ దగ్గర ఆగితే ఇంజన్ తనంతట తానే ఆగి, బ్రేక్ వదలగానే స్టార్ట్ అయ్యే కార్లు శ్రీకాకుళం, విజయనగరం రోడ్ల మీద ఇప్పుడు బాగానే తిరుగుతున్నాయి. వాటిలో బ్యాటరీ తక్కువగా ఉందని మెసేజ్ రాగానే చాలామంది నేరుగా బ్యాటరీ షాపుకి వెళ్లి కొత్తది వేయించేస్తున్నారు. కొన్ని వారాలకి అదే మెసేజ్ మళ్లీ వస్తోంది. “కొత్త బ్యాటరీ వేసి నెల కాలేదు, ఇదేటండీ?” అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు కాబట్టి, మొదటి నుంచి ఏ పని తర్వాత ఏ పని చేయాలో వరుసగా రాస్తున్నాను.

ఉదాహరణకి బ్యాటరీ డిక్కీలో ఉండే బీఎండబ్ల్యూ 320డీ కారుని తీసుకున్నాను. ఆడి, ఫోక్స్‌వ్యాగన్, స్కోడా, జాగ్వార్, ల్యాండ్ రోవర్‌లలో మెనూలు వేరుగా ఉన్నా వరుస మాత్రం ఇదే.

## 1. మీ కారుకి ఇది వర్తిస్తుందో లేదో చూసుకోండి

బ్యాటరీ మైనస్ టెర్మినల్ చూడండి. క్లాంప్‌కి అతుక్కుని అగ్గిపెట్టంత నల్లటి ముక్క, దానికో సన్నటి వైర్ల ప్లగ్ కనిపిస్తే అది బ్యాటరీ సెన్సర్. బ్యాటరీలోకి వచ్చే కరెంటు, బయటికి పోయే కరెంటు, వోల్టేజ్, వేడి అన్నీ అది కొలుస్తూ ఉంటుంది. ఆ లెక్కను కారులోని బ్యాటరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్, అంటే బీఎంఎస్, దాచుకుంటుంది.

ఆ లెక్కను బట్టే డైనమో ఎంత వోల్టేజ్ ఇవ్వాలి, స్టార్ట్-స్టాప్ పనిచేయాలా వద్దా, పార్కింగ్‌లో ఏ పరికరాలకి కరెంటు కట్ చేయాలి అన్నవి నిర్ణయమవుతాయి.

కొత్త బ్యాటరీ వేశామని స్కానర్‌తో కారు కంప్యూటర్‌కి చెప్పడాన్నే రిజిస్ట్రేషన్ అంటారు. సెన్సర్ ఉన్న ప్రతి కారుకీ అది అవసరం ఉండదు. కొన్ని మోడళ్లు కొన్నాళ్లు నడిచాక వాటంతటవే నేర్చుకుంటాయి. ఓనర్స్ మాన్యువల్‌లో బ్యాటరీ మార్పు పేజీ ఒకసారి చదివితే మీ కారు ఏ రకమో తెలిసిపోతుంది.

## 2. మెసేజ్ ఏమంటోందో పూర్తిగా చదవండి

బీఎండబ్ల్యూలో “Increased battery discharge” అని, ల్యాండ్ రోవర్ లాంటి కార్లలో ఇంజన్ స్టార్ట్ చేయమని మెసేజ్ వస్తుంది. రెండిటి అర్థం ఒక్కటే: బ్యాటరీలో ఛార్జ్ తగ్గింది. బ్యాటరీ చచ్చిపోయిందని ఆ మెసేజ్ చెప్పడం లేదు. ఈ తేడా తెలియకపోవడం వల్లే బాగున్న బ్యాటరీలు ఎక్స్ఛేంజ్‌లో పోతున్నాయి.

మెసేజ్‌ని ఫోన్‌లో ఫోటో తీసుకోండి. ముందు రోజు కారు ఎంత దూరం తిరిగింది, ఎన్ని రోజులు ఆగి ఉంది అన్నది కూడా రాసుకోండి. సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

మన ఊళ్లలో వాడకమే ఇలా ఉంటుంది. శ్రీకాకుళంలో ఏడు రోడ్ల జంక్షన్ నుంచి అరసవల్లి వరకూ, మళ్లీ ఇంటికి. పది నిమిషాల ప్రయాణంలో డైనమో 20 ఆంపియర్ల చొప్పున బ్యాటరీకి ఇచ్చిందనుకున్నా లోపలికి చేరేది మూడు ఆంపియర్-అవర్లే. బ్యాటరీలో ముప్పై లోటు ఉంటే అది రోజూ ఊళ్లో తిరగడం వల్ల తీరదు. పైగా ఈ కార్లు బ్యాటరీని కావాలనే పూర్తిగా నింపవు. బ్రేక్ వేసినప్పుడు వచ్చే శక్తిని దాచుకోవడానికి కొంత ఖాళీ ఉంచుకుంటాయి.

## 3. వోల్టేజ్ కొలిచే పద్ధతి

బండి ఆపగానే మీటర్ పెడితే వచ్చే అంకె నమ్మదగ్గది కాదు. డోర్ తెరిచినా కారు నిద్ర లేస్తుంది, లోపలి కంప్యూటర్లు కరెంటు లాగుతాయి, వోల్టేజ్ పడిపోతుంది.

అందుకని రాత్రే బానెట్ తెరిచి ఉంచండి. కారు లాక్ చేసి, తాళం ఇంట్లో దూరంగా పెట్టండి. పొద్దున్న డోర్ ముట్టుకోకుండా, బానెట్ కింద ఎర్ర మూత ఉన్న ప్లస్ పాయింట్‌కీ, పక్కనే ఉన్న బాడీ ఎర్త్ పాయింట్‌కీ మల్టీమీటర్ పెట్టి చూడండి. బ్యాటరీ డిక్కీలో ఉన్నా ఇక్కడ దాని వోల్టేజే కనిపిస్తుంది.

ఏజీఎం అంటే యాసిడ్‌ని గాజు పీచు మ్యాట్‌లలో ఇంకించి సీల్ చేసిన రకం బ్యాటరీ. దానికి అంకెలు సుమారుగా ఇలా ఉంటాయి:

- 12.8 లేదా పైన: నిండుగా ఉంది
- 12.5 దగ్గర: ముప్పావు వంతు ఉంది
- 12.2 దగ్గర: సగం ఉంది
- 12.0 కంటే తక్కువ: బాగా దిగిపోయింది, వెంటనే ఛార్జ్ పెట్టాలి

## 4. కొత్తది కొనే ముందు ఛార్జ్ పెట్టండి

ఈ మెట్టు దాటేయవద్దు. ఏజీఎం మోడ్ ఉన్న స్మార్ట్ ఛార్జర్ కావాలి. 90 ఏహెచ్, అంటే 90 ఆంపియర్-అవర్ల బ్యాటరీకి 8 నుంచి 10 ఆంపియర్ల ఛార్జర్ సరిపోతుంది. రాత్రి పెడితే పొద్దుటికి అవుతుంది. వోల్టేజ్ 14.8 దాటకూడదు. ‘రీకండిషన్’ లాంటి పేరుతో పదిహేను పైన వోల్టేజ్ ఇచ్చే మోడ్‌ని ఏజీఎంకి వాడకూడదు. లోపలి తడి ఆవిరైపోతే మళ్లీ నీళ్లు పోసే వీలు దానికి లేదు.

ఛార్జర్ నల్ల క్లిప్ ఎక్కడ పెడుతున్నారన్నది ముఖ్యం. బ్యాటరీ మైనస్ పోస్ట్‌కి పెట్టకండి, బాడీ ఎర్త్‌కి పెట్టండి. సెన్సర్ కూర్చున్నది ఆ పోస్ట్‌కీ బాడీకీ మధ్య. క్లిప్ పోస్ట్‌కే పెడితే కరెంటు సెన్సర్‌ని దాటకుండానే బ్యాటరీలోకి వెళ్లిపోతుంది. బ్యాటరీ నిండుతుంది కానీ బీఎంఎస్ పుస్తకంలో ఆ జమ పడదు. పొద్దున్న అదే మెసేజ్ కనిపించి, ఛార్జింగ్ పెట్టినా లాభం లేదని మీరు అనుకుంటారు.

ఛార్జ్ అయ్యాక కొన్ని గంటలు వదిలేసి, 3వ మెట్టులో చెప్పినట్టు మళ్లీ కొలవండి. 12.7, 12.8 నిలబడితే బ్యాటరీని షాపులో లోడ్ టెస్టర్ మీద పెట్టించండి. సెల్ఫ్ కొట్టేటప్పుడు వోల్టేజ్ 9.6 కంటే కిందికి పోకూడదు. రెండూ బాగుంటే బ్యాటరీ కొనాల్సిన పని లేదు, 5వ మెట్టుకి వెళ్లండి. నిండా ఛార్జ్ చేసినా మర్నాటికి 12.3కి పడిపోతుంటే, అదీ కారు నుంచి విడదీసి ఉంచినా పడిపోతుంటే, బ్యాటరీ పోయినట్టే.

## 5. కరెంటు ఎక్కడ కారుతోందో పట్టుకోండి

కారు పూర్తిగా నిద్రపోయాక లాగే కరెంటు సాధారణంగా 0.05 ఆంపియర్ల లోపే ఉండాలి. ఇది కొలవడానికి డీసీ క్లాంప్ మీటర్ మంచిది, వైర్ ఊడదీయక్కర్లేదు. చిన్న కరెంటుని చూపించగల మీటరే తీసుకోండి.

డిక్కీ తెరిచి, దాని లాక్‌ని స్క్రూడ్రైవర్‌తో మూసిన స్థితిలోకి నొక్కండి, కారు లాక్ చేయండి. అప్పుడు డిక్కీ మూసేసిందని కారు అనుకుంటుంది. గంట సేపు ఆగి కొలవండి. పని అయ్యాక డిక్కీ దించే ముందు బటన్ నొక్కి లాక్‌ని మళ్లీ తెరవాలి, లేకపోతే లాక్ దెబ్బ తింటుంది.

క్లాంప్‌ని ప్లస్ వైపు వెళ్లే వైర్లన్నిటి చుట్టూ వేయండి. మైనస్ మెయిన్ కేబుల్ ఒక్కదాని చుట్టూ వేస్తే, ఎవరో నేరుగా పోస్ట్‌కి కట్టిన డాష్‌క్యామ్ వైరో ఆంప్లిఫయర్ వైరో లెక్కలోకి రాదు. సెన్సర్‌కి కూడా సరిగ్గా ఇదే ఇబ్బంది.

## 6. ఒక కారు కథ, అంకెలతో

శ్రీకాకుళంలో ఒకాయన 320డీ. లోపల అసలు బ్యాటరీ 90 ఏహెచ్ ఏజీఎం. మెసేజ్ వచ్చింది, దగ్గర్లోని షాపులో 70 ఏహెచ్ మామూలు బ్యాటరీ వేశారు. రిజిస్ట్రేషన్ ఊసే లేదు. పాతది నిజంగా పోయిందా లేదా అన్నది ఇక తేలే విషయం కాదు, అది ఎక్స్ఛేంజ్‌లో వెళ్లిపోయింది.

ఆయన పని మీద హైదరాబాద్ వెళ్లి వారం తర్వాత వచ్చారు. సెల్ఫ్ గట్టిగా తిరగలేదు, మెసేజ్ వచ్చేసింది. ఆగి ఉన్న బ్యాటరీ వోల్టేజ్ 11.8 చూపించింది.

డిక్కీ మ్యాట్ ఎత్తితే సంగతి బయటపడింది. డాష్‌క్యామ్ పార్కింగ్‌లో కూడా రికార్డ్ చేసేలా, దాని రెండు వైర్లూ నేరుగా బ్యాటరీ పోస్టులకే బిగించి ఉన్నాయి. వోల్టేజ్ పడిపోతే ఆపేసే పరికరం మధ్యలో లేదు. అది లాగుతున్నది 0.25 ఆంపియర్లు.

రోజుకి 0.25 × 24, అంటే 6 ఏహెచ్. ఏడు రోజులకి 42. కారు తన సొంతానికి వాడుకునేది ఈ వారంలో మరో 5. మొత్తం 47 పోయింది. 70 బ్యాటరీ బయల్దేరేటప్పుడు 80 శాతం ఉందనుకుంటే 56 ఉన్నట్టు. మిగిలింది 9.

ఇదంతా బీఎంఎస్‌కి ఎలా కనిపించింది? తనకి తెలిసింది 90 బ్యాటరీ. అందులో 80 శాతం అంటే 72. డాష్‌క్యామ్ లాగిన 42 సెన్సర్ గుండా పోలేదు కాబట్టి తెలియదు. తాను చూసింది 5 ఖర్చు మాత్రమే, కనుక ఇంకా 67 ఉందన్న లెక్కలో ఉంది. పొద్దున్న లేచి వోల్టేజ్ చూస్తే 11.8. పుస్తకానికీ బ్యాటరీకీ పొంతన లేదు.

డాష్‌క్యామ్ నల్ల వైరుని బాడీ ఎర్త్‌కి మార్చి, వోల్టేజ్ తగ్గితే ఆగిపోయే పరికరం ఒకటి పెట్టించారు. ఆ 70 బ్యాటరీ అంతగా దిగిపోయినందువల్ల తీసేయాల్సి వచ్చింది. 90 ఏహెచ్ ఏజీఎం వేసి రిజిస్టర్ చేశారు. అప్పట్నుంచి మెసేజ్ లేదు.

డాష్‌క్యామ్ అలాగే ఉంచి ఎంత మంచి బ్యాటరీ వేసినా ఆ కారుకి మెసేజ్ తప్పేది కాదు. అందుకే కరెంటు కారడం పట్టుకున్నాకే కొత్తది కొనమంటాను.

## 7. ఏ బ్యాటరీ కొనాలి

పాత బ్యాటరీ లేబుల్ ఫోటో తీసుకుని వెళ్లండి. మూడు విషయాలు సరిపోవాలి: రకం, ఏహెచ్, సైజు. ఏజీఎం ఉన్న చోట ఏజీఎం, ఈఎఫ్‌బీ ఉన్న చోట ఈఎఫ్‌బీ. ఈఎఫ్‌బీ అంటే స్టార్ట్-స్టాప్ కోసం మామూలు బ్యాటరీనే మరింత గట్టిగా చేసిన రకం. ఈఎఫ్‌బీ నుంచి ఏజీఎంకి వెళ్లొచ్చు, కానీ ఆ మార్పు కారుకి చెప్పాలి. ఏజీఎం తీసి మామూలు బ్యాటరీ వేయడం మాత్రం వద్దు. ఊళ్లో ట్రాఫిక్‌లో ఇంజన్ పదే పదే ఆగి స్టార్ట్ అయ్యే పనిని అది ఎక్కువ కాలం తట్టుకోలేదు. ఏజీఎం కోసం పెట్టిన ఛార్జింగ్ వోల్టేజ్ కూడా దానికి సరిపడదు.

తయారీ తేదీ చూడండి. షాపులో నెలల తరబడి ఉన్న దాని వోల్టేజ్ కొలిపించండి. 12.5 కంటే తక్కువ ఉంటే ఇంకోటి తెమ్మనండి.

బయల్దేరే ముందు షాపుని ఈ మాట అడగండి: “మా కారుకి బ్యాటరీ రిజిస్ట్రేషన్ చేసే స్కానర్ మీ దగ్గర ఉందా?” చాలా షాపుల్లో ఎర్రర్ కోడ్ చదివి చెరిపే చిన్న స్కానర్ మాత్రమే ఉంటుంది. దానితో ఈ పని అవదు. దగ్గర్లో ఎవరూ లేకపోతే విశాఖ వెళ్లాలి. కొత్త బ్యాటరీతో రిజిస్ట్రేషన్ లేకుండా జాతీయ రహదారి మీద విశాఖ దాకా నడిపితే ఏమీ కాదు, దానికి టెన్షన్ పడొద్దు. నెలల తరబడి అలా వదిలేయడమే తప్పు.

## 8. మార్చే వరుస

1. ఇగ్నిషన్ ఆపి, తాళం జేబులో పెట్టుకోండి. డిక్కీ తెరిచే ఉంచండి. బ్యాటరీ తీసిన కారులో డిక్కీ మూసుకుంటే కరెంటుతో పనిచేసే లాక్ తెరుచుకోదు.
2. కారు నిద్రపోయేదాకా కనీసం పావు గంట ఆగండి.
3. ముందు మైనస్ ఊడదీయండి. నట్‌ని పూర్తిగా వదులు చేసి చేత్తో పైకి తీయండి. స్క్రూడ్రైవర్ పెట్టి ఎత్తితే సెన్సర్ పగులుతుంది. సెన్సర్ దెబ్బ తింటే బ్యాటరీ కంటే పెద్ద తలనొప్పి.
4. తర్వాత ప్లస్. బీఎండబ్ల్యూ ప్లస్ క్లాంప్‌లో యాక్సిడెంట్ అయితే కేబుల్‌ని తెంపేసే చిన్న పేలుడు పరికరం ఉంటుంది. దాన్ని కొట్టవద్దు, విప్పవద్దు.
5. పక్కనున్న సన్నటి గ్యాస్ ట్యూబ్ తీసి జాగ్రత్త చేయండి. కొత్త బ్యాటరీకి దాన్ని తప్పకుండా పెట్టాలి. డిక్కీలో ఉన్న బ్యాటరీ గ్యాస్ కారు బయటికి పోయే దారి అదే.
6. తీరం దగ్గర ఊళ్లలో క్లాంప్‌ల మీద తెల్లగా, పచ్చగా పొర పేరుకుంటుంది. దాన్ని బ్రష్‌తో గీకి, పొడి గుడ్డతో తుడవండి. ఆ పొర ఉంటే కొత్త బ్యాటరీకీ కనెక్షన్ సరిగా ఉండదు.
7. కొత్తది పెట్టి, కింద పట్టీ బిగించి, ముందు ప్లస్, చివర మైనస్ బిగించండి. స్పానర్‌తో గట్టిగా లాగకండి. చేత్తో తిప్పితే కదలనంత బిగువు చాలు.

## 9. రిజిస్ట్రేషన్ అంటే కారుకి ఏం చెబుతున్నాం

పాత బ్యాటరీ వయసు పెరిగే కొద్దీ దానిలో ఎంత సత్తా మిగిలిందో బీఎంఎస్ లెక్క వేసుకుంటూ వచ్చింది. ఆ లెక్కతోనే కొత్తదాన్ని చూస్తుంది. లోపల కొత్త బ్యాటరీ ఉన్నా అది మాత్రం ముసలి బ్యాటరీ ఉందనే నిర్ణయాలు తీసుకుంటుంది: స్టార్ట్-స్టాప్ ఆపేస్తుంది, పార్కింగ్‌లో రేడియో లాంటివాటికి త్వరగా కరెంటు కట్ చేస్తుంది, ఛార్జింగ్ వోల్టేజ్ కూడా పాతదానికి తగ్గట్టే పెడుతుంది. కొత్త బ్యాటరీ త్వరగా పాడవడానికి ఇదొక దారి.

రిజిస్టర్ చేస్తే బీఎండబ్ల్యూలో పాత లెక్కలు చెరిగిపోతాయి, ఛార్జ్ 80 శాతం అని మొదలవుతుంది, బ్యాటరీ మార్చినప్పటి కిలోమీటర్లు రికార్డవుతాయి.

ఇక్కడ రెండు వేర్వేరు పనులున్నాయి. అదే రకం, అదే ఏహెచ్ వేస్తే రిజిస్ట్రేషన్ ఒక్కటి చాలు. రకం గానీ ఏహెచ్ గానీ మారితే, ఉదాహరణకి 80 తీసి 90 వేస్తే, ముందు కోడింగ్‌లో, అంటే కారు కంప్యూటర్‌లోని సెట్టింగ్‌లో, కొత్త విలువ రాసి, ఆ తర్వాత రిజిస్టర్ చేయాలి. కోడింగ్ మర్చిపోయి రిజిస్టర్ మాత్రమే చేస్తే కారు కొత్త 80 బ్యాటరీ ఉందనుకుంటుంది.

చేసే పద్ధతి ఇది. ఇగ్నిషన్ ఆన్, ఇంజన్ ఆఫ్. స్కానర్‌ని స్టీరింగ్ కింద ఉన్న ఓబీడీ సాకెట్‌కి పెట్టి, బ్యాటరీ మార్పు మెనూలోకి వెళ్లి, లేబుల్ మీద ఉన్న విలువలు చూసుకుని ఖరారు చేయాలి. బీఎండబ్ల్యూకి BimmerLink లాంటి ఫోన్ యాప్, సరిపడే ఓబీడీ అడాప్టర్‌తో ఇంట్లోనే చేసుకోవచ్చు. ఆడి, ఫోక్స్‌వ్యాగన్, స్కోడాల్లో సెన్సర్ ఉన్న కార్లకి VCDS లేదా OBDeleven అనే స్కానర్లు వాడతారు. బ్యాటరీ పార్ట్ నంబర్, తయారీదారు, సీరియల్ నంబర్ అడుగుతుంది. సీరియల్ మారితేనే బ్యాటరీ మారిందని కారు గుర్తిస్తుంది. లేబుల్ మీద ఆ పద్ధతి సీరియల్ లేకపోతే పాత నంబర్లో చివరి అంకె ఒక్కటి మార్చి రాయడం వాడుక.

పని మొత్తం నిమిషాల్లో అయిపోతుంది. కానీ ఇగ్నిషన్ ఆన్‌లో కారు చాలా కరెంటు తాగుతుంది, అందుకని స్కానర్ పెట్టి ముచ్చట్లలో పడకూడదు. కోడింగ్ కూడా ఉంటే ఛార్జర్ తగిలించి చేయడం మంచిది.

ఒక హెచ్చరిక. బ్యాటరీ మార్చకుండా, మెసేజ్ పోగొట్టడానికి మాత్రమే రిజిస్టర్ చేసేవాళ్లున్నారు. మెసేజ్ కొన్నాళ్లు పోతుంది కూడా. కానీ పాత బ్యాటరీని కారు కొత్తదిగా చూస్తుంది కాబట్టి రావాల్సిన హెచ్చరిక రాదు. ఏదో ఒక రాత్రి దారిలో సెల్ఫ్ పనిచేయదు.

## 10. పని సరిగా అయిందో లేదో

- స్కానర్‌లో చివరి బ్యాటరీ మార్పు కిలోమీటర్లు, మీ మీటర్ మీద ఉన్న కిలోమీటర్లు ఒకటేనా? ఆ స్క్రీన్ ఫోటో అడిగి తీసుకోండి.
- కోడింగ్‌లో ఏహెచ్, రకం లేబుల్‌తో సరిపోయాయా?
- గడియారం, కిటికీల ఆటో బటన్ మళ్లీ సెట్ చేసుకున్నారా? స్టీరింగ్ లేదా స్టెబిలిటీ కంట్రోల్ లైటు వెలిగితే కొద్ది దూరం నడిపి, స్టీరింగ్ రెండు వైపులా పూర్తిగా తిప్పండి.
- గ్యాస్ ట్యూబ్ పెట్టారా, కింద పట్టీ బిగించారా?
- ఆ రాత్రి కారు లాక్ చేసి, కదపకుండా కనీసం ఆరు గంటలు వదిలేశారా? అప్పుడే సెన్సర్ విశ్రాంతి వోల్టేజ్ చూసుకుని లెక్క సరిచేసుకుంటుంది.

స్టార్ట్-స్టాప్ వెంటనే రాకపోతే కంగారు వద్దు. ఒకటి రెండు రోజులు, ఒక పొడవాటి ప్రయాణం పట్టొచ్చు. ఎండాకాలంలో ఏసీ గట్టిగా నడుస్తుంటే బ్యాటరీ బాగున్నా ఇంజన్ ఆగదు, అది లోపం కాదు.

## 11. కారు వారాల తరబడి ఆగి ఉండే ఇళ్లకి

పిల్లలు వేరే ఊళ్లలో ఉండి, కారు షెడ్‌లోనే ఎక్కువ రోజులుండే ఇళ్లు మనవైపు చాలా ఉన్నాయి. అలాంటివాళ్లు మైనస్ ఊడదీయడం కంటే, 4, 5 ఆంపియర్ల స్మార్ట్ ఛార్జర్‌ని ఏజీఎం మోడ్‌లో బానెట్ కింది పాయింట్లకి తగిలించి ఉంచడం మేలు. రెండు వారాలకొకసారి ఒక రాత్రి పెట్టినా సరిపోతుంది. ఇంజన్‌ని పది నిమిషాలు ఆన్ చేసి ఉంచడం వల్ల లాభం లేదు, డీజిల్ ఖర్చు తప్ప బ్యాటరీ నిండదు. కదిలించే వీలుంటే రణస్థలం దాకా వెళ్లి వచ్చేంత దూరం ఆగకుండా నడపండి, వెనక్కి వచ్చాక డాష్‌క్యామ్ పార్కింగ్ రికార్డింగ్ ఆపేసి లాక్ చేయండి.